పన్నెండు డాలర్ల ఉత్తరం

మిషిగన్‌లో చలి మొదలవగానే మా వదిన ఒక కోటు కొంది. అలమర మీద చీటీలో అసలు ధర 120 డాలర్లు, 40 శాతం తగ్గింపు, ఇప్పుడు 72 అని స్పష్టంగా ఉంది. బిల్లులో మాత్రం తగ్గింపు 36 డాలర్లే పడింది. ముప్ఫైఆరుని నూట ఇరవైతో భాగిస్తే ముప్ఫై శాతం. అంటే 84 డాలర్లు తీసుకున్నారన్నమాట. బిల్లు అడుగున "మీరు ఇంత ఆదా చేశారు" అని వేసే అంకెను చూసి మురిసిపోయి మడిచి పెట్టుకుంటాం గానీ, తప్పు దొరికేది ఆ అంకె దగ్గరే. దాన్ని అసలు ధరతో భాగించి చూస్తే చాలు.

కౌంటర్ దగ్గరే అడగాల్సింది అంటారు మీరు. వెనక వరసలో పదిమంది నిలబడి ఉంటే, కోఠీలో గంటసేపు బేరమాడగలిగిన మనిషి కూడా ఇక్కడ నోరు మెదపదు. పైగా అక్కడ కూర్చున్న పిల్లకి యంత్రం చెప్పిందే వేదం. కోటు నంబరుకి కంప్యూటర్‌లో పాత శాతమే ఉండిపోయి ఉంటుంది. చీటీ మార్చిన చెయ్యి ఒకటి, కంప్యూటర్‌లో ధర ఎక్కించే చెయ్యి ఇంకొకటి. ఆ రెండూ కలవనప్పుడు సర్దగలిగేది మేనేజరే.

అందుకే ఉత్తరం రాద్దామన్నాను. మిషిగన్‌లో దానికి చట్టం బలం కూడా ఉంది. 1976 నాటి చట్టం ప్రకారం ఇక్కడ ప్రతి వస్తువు మీదా ధర చీటీ అంటించాలని నియమం ఉండేది. 2011లో దాన్ని ఎత్తేసి, ధర కనబడేలా పెడితే చాలన్నారు. కానీ చూపించిన ధర కన్నా స్కానర్ ఎక్కువ లాగితే, కొన్నవాడు ముప్ఫై రోజుల్లోపు స్వయంగా వెళ్లి గానీ రాతపూర్వకంగా గానీ చెప్పొచ్చు. తేడా మొత్తంతో పాటు ఆ తేడాకి పదింతలు అదనంగా రావాలి. ఆశపడకండి, ఆ పదింతలకి కింద ఒక డాలరు, పైన ఐదు డాలర్లు హద్దు ఉంది. రెండు రోజుల్లో ఇచ్చేస్తే గొడవ అక్కడితో సరి. ఇవ్వకపోతే కోర్టులో అసలు నష్టం గానీ 250 డాలర్లు గానీ, ఏది ఎక్కువైతే అది అడగొచ్చు.

వదిన మొదటి ప్రతి రెండు పేజీలు వచ్చింది. ఆ కొట్టుకి ఎన్నేళ్లుగా వెళ్తున్నదీ, మోసపోయిన బాధా, మా అన్నయ్య వద్దన్నా వినకుండా వెళ్లడమూ అన్నీ ఉన్నాయి. బడిలో జ్వరానికి సెలవుచీటీ రాసినట్టు ఉండాలి వదినా, ఏం జరిగిందో, ఏం కావాలో అంతే, అన్నాను. చివరికి మిగిలింది ఇది:

"మేనేజరు గారికి, శనివారం మీ దుకాణంలో ఒక కోటు కొన్నాను. చీటీలో అసలు ధర 120 డాలర్లు, 40 శాతం తగ్గింపుతో 72 అని ఉంది. బిల్లులో 30 శాతమే తగ్గించి 84 తీసుకున్నారు. తేడా 12 డాలర్లు, దాని మీద ఆరు శాతం పన్ను 72 సెంట్లు, చట్టప్రకారం అదనం 5 డాలర్లు, కలిపి 17 డాలర్ల 72 సెంట్లు ఇప్పించగలరు. బిల్లు నకలు, చీటీ ఫొటో జతచేశాను. మిగతా కోట్లకూ శాతం సరిచూడండి."

పన్ను సంగతి చాలామంది వదిలేస్తారు. ధర తగ్గితే దాని మీద కట్టిన పన్నూ తగ్గాలి కదా. ఇక చీటీ ఫొటో లేకపోతే ఉత్తరానికి కాళ్లుండవు. బిల్లు యంత్రం మాట మాత్రమే చెబుతుంది, అలమర మీద రాసినది మనమే చూపించాలి. వారం తిరిగేసరికి ఆ చీటీ ఉండదు.

"మోసం" అన్న మాట నేనే కొట్టేయించాను. వదిన ఒప్పుకోలేదు గానీ, మరచిపోయి వదిలేసిన శాతానికి ఆ మాట పెద్దది. అదీగాక ఆ మాట చదివాక మేనేజరు లెక్క చూడ్డం మాని తనని తాను సమర్థించుకోవడం మొదలుపెడతాడు. ఉత్తరం అందిన మర్నాడే మేనేజరు ఫోన్ చేసి డబ్బు వెనక్కి వేశాడు.

దాంతో వదినకి ఊపు వచ్చింది. వంద డాలర్ల కుక్కర్ బిల్లు తీసింది. 40 శాతం తగ్గింపు, దాని మీద ఇంకో 10 శాతం కూపన్. "యాభై కట్టాలి కదా, యాభై నాలుగు తీసుకున్నారు. ఇంకో ఉత్తరం రాయి" అంది.

ఈ బిల్లులో తప్పు లేదు. మొదటి తగ్గింపు వంద మీద, అరవై మిగిలింది. రెండోది ఆ అరవై మీద, ఆరు డాలర్లు. మొత్తం తగ్గింది నలభై ఆరు శాతమే. ఆషాఢం సేల్ బోర్డుల మీదా ఇదే లెక్క, మనం కూడిక చేసుకుని ఇంటికొచ్చి నిట్టూర్చేవాళ్లం.

వదిన కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకుంది. "మరైతే బోర్డు మీద నలభై ఆరు అనే రాయొచ్చుగా?" అంది.