పాప డబ్బా లెక్క

జూలై 1, సోమవారం

ఆస్పత్రిలో రోగులకు డైట్ చార్టులు రాయడమే నా పని. ఇవాళ మా పాప డబ్బా లెక్క కట్టాను. మూడో తరగతి, ఎనిమిదేళ్లు. మూడు చపాతీలు, బీన్స్-క్యారట్ కూర, ఒక చిన్న అరటిపండు, పల్లీపట్టీ ముక్క.

చపాతీని కాల్చాక తూచి లెక్క కట్టకూడదు. పుస్తకంలో ఉండేది పొడిపిండి విలువ. 25 గ్రాముల గోధుమపిండిలో నీళ్లు పోసి కలిపితే 40 గ్రాముల ముద్దవుతుంది. పెనం మీదినుంచి దిగేసరికి ఆవిరి పోయి 33 దగ్గర ఆగుతుంది. నీళ్లకు క్యాలరీలు లేవు కాబట్టి ముద్దగా ఉన్నా, చపాతీ అయినా లెక్క 25 గ్రాముల పిండిదే. ముద్దను తూచి పిండి విలువతో హెచ్చవేస్తే 80 రావలసిన చోట 128 వస్తుంది. ఫోన్ యాప్‌లలో ‘ఒక మీడియం చపాతీ’ అని ఉంటుంది. ఎవరింటి మీడియమో తెలియకుండా ఆ అంకెను ఎలా నమ్మడం?

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. 4.18తో భాగిస్తే కిలోక్యాలరీలు వస్తాయి, మనం మామూలుగా క్యాలరీలనేది వాటినే. అలా చూస్తే గోధుమపిండి వంద గ్రాములకు సుమారు 320. మూడు చపాతీల పిండికి 240, వాటిపై పూసిన చెంచాడు నెయ్యికి 45. మొత్తం 285.

జూలై 2, మంగళవారం

ఇవాళ కూర సంగతి. ముగ్గురికి కలిపి 240 గ్రాముల కూరగాయలు తరిగాను. నూనె సీసాను పోపుకి ముందొకసారి, తర్వాతొకసారి తూచాను. తేడా 20 గ్రాములు. పాప వంతుకు 80 గ్రాముల కూరగాయలు, దాదాపు 7 గ్రాముల నూనె. ఆ కూరగాయలన్నీ కలిసి ఇచ్చేది ఓ 20 క్యాలరీలే, నూనె మాత్రం 60కి పైనే. కూరగాయల విలువ పీచులో, విటమిన్లలో ఉంది. క్యాలరీల కోసం వాటి వైపు చూడక్కర్లేదు.

తొక్క తీసిన అరటిపండు 70 గ్రాములు, అంటే 75 క్యాలరీలు. తొక్కతో తూచకూడదు, బరువులో మూడోవంతు దాకా అదే ఉంటుంది. పల్లీపట్టీ 15 గ్రాములు, సగం పల్లీలు, సగం బెల్లం, దాదాపు 65.

"రోజూ తీపెందుకమ్మాయ్, ఆ పట్టీ మానేయరాదూ" అన్నారు అత్తయ్య. పళ్లకు అంటుకుంటుందన్న ఆవిడ మాట నిజమే, తిన్నాక నీళ్లు పుక్కిలించమని పాపకు చెప్పాను. కానీ డబ్బాలో ఎక్కువ క్యాలరీలు తీపివి కావు. మొత్తం 510లో సగానికి పైగా చపాతీలవే.

ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1700 కావాలి. మూడోవంతు 565. ఇంటికొచ్చాక పాలు తాగుతుంది, ఏదో ఒకటి తింటుంది కాబట్టి 510 తక్కువేమీ కాదు. అదీ డబ్బా ఖాళీ అయితేనే.

జూలై 4, గురువారం

ఇవాళా ఒక చపాతీ, సగం కూర తిరిగొచ్చాయి. వాటిని తీసేస్తే లోపలికి వెళ్లింది 375. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల లెక్క 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. అందుకోసం 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె కేటాయిస్తారు. ఇంత శ్రద్ధగా కట్టిన మా డబ్బా దానికంటే కిందికి పోయింది. పొద్దున మనం పెట్టిన దాంట్లోంచి సాయంత్రం మిగిలింది తీసేయకపోతే ఏ లెక్కకూ అర్థం లేదు. డబ్బా కడిగేముందు మిగిలింది తూచడానికి ఒక్క నిమిషం చాలు.

ఎందుకు మిగులుస్తున్నావని అడిగితే, "మూడోది నమిలేలోపు బెల్ కొట్టేస్తారమ్మా" అంది. ఆకలి లేక కాదు, టైము చాలక. చపాతీ మధ్యాహ్నానికి గట్టిపడుతుంది, అంత చిన్న నోటికి నమలడం ఆలస్యమే. ఆ పిల్లను తొందరపెట్టి లాభం లేదు, మార్చవలసింది డబ్బానే.

జూలై 8, సోమవారం

మూడో చపాతీ తీసేశాను. కూర దించేముందు పాప వంతులో 10 గ్రాముల వేయించిన పల్లీల పొడి కలిపాను. దానికి 50 క్యాలరీలు, పైగా రెండు గ్రాములకు మించి ప్రొటీన్, నమిలే పని దాదాపు లేదు. పిండిని గోరువెచ్చని నీళ్లతో కాస్త మెత్తగా కలిపి అరగంట నాననిచ్చాను. చపాతీలను వేడి తగ్గాకే డబ్బాలో పెట్టాను, లేకపోతే ఆవిరి నీళ్లు పట్టి అడుగుది నానిపోతుంది.

ఇప్పుడు చపాతీలు 190, కూర 135, పండు 75, పట్టీ 65, మొత్తం 465. కాగితం మీద పాత డబ్బాకంటే 45 తక్కువ. కానీ సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చింది, అంటే పాప తిన్నది 90 ఎక్కువ.

ఈ అంకెలు ఓ పదోవంతు అటూ ఇటూ ఉంటాయి. పండు పండేకొద్దీ, పిండి రకాన్నిబట్టి, గిన్నెకు అంటుకున్న నూనెనుబట్టి మారతాయి. అందుకే 465ను 466గా సరిచేసే పని పెట్టుకోను. పాప ముందు ఈ అంకెలు పలకను కూడా. తన బరువు, ఎత్తు మూడు నెలలకోసారి గోడ చార్టులో రాస్తాను, అసలు పరీక్ష అదే. వచ్చే వారం పండు జామ. అరటికంటే క్యాలరీలు తక్కువ కాబట్టి ఆ రోజుల్లో పల్లీల పొడి ఇంకో అరచెంచా వేయాలి.