తొమ్మిది అంగుళాలా, పన్నెండా?

బాత్రూమ్ సామాన్లలో ఆన్‌లైన్‌లో ఎంత తక్కువకి దొరికినా వెంటనే ఆర్డర్ పెట్టకూడనిది కమోడ్. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది కొలతల డ్రాయింగ్‌లో, ‘ఎస్-ట్రాప్’ అన్న చోట. వెనక గోడ నుంచి నేలలోకి దిగే పైపు నడిమధ్యకి ఎంత దూరమో చెప్పే అంకె అది. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి 225 మిల్లీమీటర్లు, 300 మిల్లీమీటర్లు. అంటే తొమ్మిది అంగుళాలు, పన్నెండు అంగుళాలు.

నరసరావుపేటలో మా ఇల్లు కడుతున్నప్పుడు టేపు పెట్టి చూస్తే 260 వచ్చింది. “ఇది ఉత్త ఇటుక గోడ బాబూ, ఇంకా ముందుకొస్తది” అన్నాడు ప్లంబర్. ప్లాస్టరింగ్ 15, టైలు దాని వెనక సిమెంటుతో కలిపి 20. అవి తీసేస్తే మిగిలేది 225. నాన్నకి ఫోన్‌లో నచ్చిందేమో 300 రకం. దాన్ని ఆ పైపు మీద కూర్చోబెట్టాలంటే వెనక భాగం 75 మిల్లీమీటర్లు గోడలోకి దూరాలి!

రిటర్న్ ఉందిగా అంటారా? పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యకపోతే పగులు దార్లోనే వచ్చిందని నిరూపించడం కష్టం. సిమెంటుతో బిగించాక ఇక వెనక్కి తీసుకోరు. పైగా సన్నటి పగులు కంటికి ఆనదు. నాణెంతో తడితే ఖంగుమనాలి, బొంగురుగా మోగితే అనుమానించాలి.

అందుకే రెండు వేలు ఎక్కువైనా కమోడ్ గుంటూరు షోరూమ్‌లో కొన్నాం. అట్టపెట్టె విప్పించి, తట్టి చూసి, టేపుతో కొలిచాకే ఆటో ఎక్కించాం. ఇత్తడి కుళాయిలు మాత్రం ఆన్‌లైన్‌లోనే తెప్పించాం. మామూలు కుళాయిలకి అరంగుళం మరే ఉంటుంది, దార్లో కిందపడ్డా పగలవు.