స్టీరింగ్ కూత పెడితే పంపు పోయినట్టేనా?

బండి స్టార్ట్ చేయగానే కూత, రివర్స్ తీసేటప్పుడు స్టీరింగ్ బరువు. ఈ రెండూ చెబితే చాలు, పంపు మార్చాలనేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డుకు వచ్చిన ఒక పాత డీజిల్ ట్యాక్సీకి అప్పటికే ఎవరో పంపు మార్చారు. కూత మాత్రం పోలేదు.

"కొత్త పంపు కూడా పాడైందా అన్నా?" అన్నాడు డ్రైవర్.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ డబ్బా మూత తీసి చూశాను. లెవెల్ సరిగానే ఉంది, కానీ అంతా నురగ. పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తోందన్నమాట. ఆ బుడగలు ఒత్తిడికి చితికే చప్పుడే కూత. గాలి నలుగుతుంది కాబట్టి ర్యాక్‌కు చేరాల్సిన బలం చేరదు, స్టీరింగ్ బరువెక్కుతుంది. డబ్బాలో ఆయిల్ తగ్గినా ఇదే జరుగుతుంది. ఇతని బండిలో డబ్బా నుంచి పంపుకు వెళ్లే రబ్బరు పైపు కొస గట్టిపడి, క్లిప్పు ఎంత బిగించినా పట్టడం లేదు. ఆ పైపులో ఇంజిన్ నడిచేటప్పుడు ఉండేది పీల్పు. అందుకే కింద ఒక్క చుక్క కారకుండానే గాలి లోపలికి పోతుంది. మరక లేదని అటువైపు ఎవరూ చూడలేదు.

పైపు మార్చాక గాలి తీయాలి. ముందు చక్రాలు లేపి స్టాండ్లు పెట్టి, ఇంజిన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ను నిదానంగా ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పిస్తూ డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తుంటాను. బుడగలు ఆగాకే స్టార్ట్ చేస్తాను. తొందరపడితే పంపు ఆయిల్‌నీ గాలినీ మజ్జిగలా చిలికేస్తుంది. అది విడిపోయేదాకా కూర్చోవాల్సిందే.

పంపు నిజంగా అరిగితే తీరు వేరు. నురగ ఉండదు, బెల్టు బిగువుగానే ఉంటుంది. కానీ ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో స్టీరింగ్ బరువెక్కి, రేజ్ చేస్తే తేలికవుతుంది. వేడికి పల్చబడ్డ ఆయిల్ అరిగిన సందుల్లోంచి వెనక్కి జారిపోవడమే కారణం. ఆయిల్‌లో లోహపు పొడి మెరిస్తే, కొత్త పంపు బిగించే ముందు పైపులు, డబ్బా అన్నీ కడగాలి. లేదంటే ఆ పొడి కొత్తదాన్నీ తినేస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకుంటే వచ్చే రొద మాత్రం రిలీఫ్ వాల్వ్‌ది. అది జబ్బు కాదు గానీ, 5 సెకన్లకు మించి అలా పట్టకూడదు.

ఇప్పటి కార్లలో చాలావాటికి ఈ ఆయిలే లేదు, సాయం చేసేది మోటారు. అయినా "ఆయిల్ పోసి చూడండి" అనేవాళ్లు వస్తూనే ఉంటారు! డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ గుర్తు వెలిగితే ముందు బ్యాటరీకి మీటరు పెడతాను. ఇంజిన్ నడుస్తున్నా 14 వోల్టుల దరిదాపుల్లో లేక 12కు పడిపోతుంటే ఆల్టర్నేటర్ సంగతి చూడాలి. ఇరుకు సందులో చాలాసేపు అటూ ఇటూ తిప్పితే మోటారు వేడెక్కి తనే సాయం తగ్గించుకుంటుంది, చల్లారాక మామూలైపోతుంది. స్కానర్ టార్క్ సెన్సార్ అని చూపించినా కనెక్టర్లు, ఎర్త్ వైరు చూడందే ఒప్పుకోను. చాలా బండ్లలో ఆ సెన్సార్ విడిగా దొరకదు, స్టీరింగ్ కాలమ్ మొత్తం కొనాలి.