ఆశించడం లేదు అని ఒక సంతకం

డల్లాస్‌లో ఇల్లు కొంటున్న కొడుక్కి గుంటూరు నుంచి తల్లిదండ్రులు డౌన్ పేమెంటు పంపితే, అప్పిచ్చే సంస్థ ముందుగా అడిగేది గిఫ్ట్ లెటర్. ఇచ్చేవారి పేరు, బంధుత్వం, మొత్తం, ఆ తర్వాత ఒక వాక్యం: ఈ సొమ్ము తిరిగి చెల్లించాలని ఆశించడం లేదు. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు రాసినట్టుంటుంది తండ్రికి.

సంస్థ భయం వేరు. అది చేబదులైతే దాని వాయిదా కూడా కొడుకు జీతంలోంచే పోతుంది, అప్పు తీర్చే శక్తి ఆ మేరకు తగ్గుతుంది. ఇంట్లోని లెక్క ఇంత సులువు కాదు. వాయిదాలు లేవు గాని, ముసలితనంలో ఎవరి దగ్గర ఉండాలన్న మాట ఆ సొమ్ముతో పాటే మౌనంగా ప్రయాణం చేస్తుంది. దానికి ఉత్తరంలో గడి లేదు.

కాగితాలకు కావలసింది తెగని దారి. స్థలం అమ్మిన దస్తావేజు, ఆ సొమ్ము పడ్డ ఖాతా స్టేట్‌మెంటు, అక్కడి నుంచి వైరు, కొడుకు ఖాతాలో జమ. మధ్యలో బాబాయి ఖాతా దూరితే, లేదా ముందు వారం నగదు జమైతే, మళ్ళీ ప్రశ్నలు మొదలు. దారి తిన్నగా ఉన్నా సుంకం లేకపోలేదు: ఏడాదిలో విదేశానికి పంపింది 10 లక్షలు దాటితే, దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ వసూలు చేస్తుంది. డాలరు 85 రూపాయలనుకుంటే, 60 వేల డాలర్లకు 51 లక్షలు. వాటి మీద టీసీఎస్ 8 లక్షల 20 వేలు. రిటర్నులో చూపితే అది సర్దుబాటవుతుంది, మిగిలితే వాపసు వస్తుంది. కొడుకు నుంచి ఏమీ ఆశించని మనిషి ఆదాయపు పన్ను శాఖ నుంచి ఆశిస్తాడు.

అమెరికాలో ఈ కానుక మీద కొడుక్కి పన్ను లేదు. చెప్పకపోతే మాత్రం జరిమానా ఉంది. విదేశీయుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి వస్తే ఫారం 3520 విడిగా దాఖలు చేయాలి. మానితే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా పడవచ్చు. తండ్రి 60 వేలు, తల్లి 60 వేలు వేరువేరుగా పంపారు కదా, ఎవరిదీ లక్ష దాటలేదు కదా అనుకోవడం సహజం. బంధువులు ఇచ్చినవన్నీ కలిపి చూడాలంటుంది నిబంధన. అప్పుడు లక్షా 20 వేలు. జరిమానా పూర్తిగా పడితే 30 వేలు.

తన నగలు అమ్మిన డబ్బు తన ఖాతా నుంచే వెళ్ళాలని తల్లి పట్టుపట్టిన ఇళ్ళు ఉంటాయి. ఆమె పట్టుదల పూర్తిగా వృథా కాదు. హద్దు దాటాక, 5 వేల డాలర్లకు మించిన ప్రతి కానుకనూ విడి వరుసలో చూపాలి. అక్కడ తేదీ అడుగుతారు, సొత్తు వివరం అడుగుతారు, విలువ అడుగుతారు. ఇచ్చినవారి పేరు మాత్రం అడగరు.