ఊరికే చేశానక్కా

ఫోనెత్తగానే అవతలివాళ్ళు "ఏం లేదక్కా, ఊరికే చేశాను" అన్నారంటే నేను స్టవ్ సిమ్‌లో పెట్టేస్తాను. నిజంగా ఊరికే చేసేవాళ్ళు ఆ మాట చెప్పరండీ, నేరుగా కబుర్లలో పడిపోతారు.

మా తోడికోడలు రాజమండ్రిలో ఉంటుంది. పోయిన వేసవిలో ఒకే వారంలో మూడుసార్లు "ఊరికే" చేసింది. మొదటిసారి మాగాయ ఎలా కుదిరిందని అడిగింది, ఆపరేషనయ్యాక అత్తయ్యగారి మోకాలు ఎలా ఉందని అడిగింది. ఇక పెట్టేస్తుందనగా, "పాప డిగ్రీ అయిపోయింది కదా, బ్యాంకు పరీక్షలకి అమీర్‌పేటలో కోచింగ్ బాగుంటుందట" అంది. రెండోసారి, "అక్కడి హాస్టళ్ళలో గదికి నలుగురైదుగురిని పెడతారట" అంది. మూడోసారి, "మీ ఇంటి దగ్గర్నుంచి మెట్రో ఉంది కదక్కా" అని, నేను ఊఁ అనేలోపే "అయినా మీకు ఇప్పటికే ఇబ్బంది, కుదరదులెండి" అని తనే తేల్చేసింది.

పాపని రెండు నెలలు మీ ఇంట్లో ఉంచుకుంటారా అన్న ప్రశ్న ఈ మూడు ఫోన్లలోనూ ఎక్కడా లేదు. కానీ నాకు అర్థమైంది. అర్థమవుతుందని తనకీ తెలుసు.

బి.ఏ.లో తెలుగు చదివిన పాపానికి నాకు ఇలాంటి మాటలు చెవిలో ఆగిపోతాయి. "అట" అంటే ఆ మాట నాది కాదు, ఎవరో అన్నారు, మీరు కొట్టిపారేసినా నాకు తగలదు అని. "కదా" అంటే ముందు నా చేత అవుననిపించడం. ఇక చేదర్థకమని మాకు పాఠం చెప్పిన "వీలైతే, కుదిరితే" ఉన్నాయే, వ్యాకరణంలో అవి షరతులు, ఇళ్ళల్లో మాత్రం మెత్తటి దిండ్లు. వీటన్నిటికంటే గట్టిది "కుదరదులెండి". నేను చెప్పాల్సిన "కాదు"ని తనే చెప్పేసింది. ఇప్పుడు నేనూ అదే మాట అంటే మొహం మీద కొట్టినట్టుంటుంది. "అయ్యో, అదేం మాట" అనడం తప్ప నాకు దారి లేదు.

నా ఇబ్బంది ఏమిటంటే, నా జవాబు అవునూ కాదు, కాదూ కాదు. రెండో గదిలో అత్తయ్యగారు ఉన్నారు, ఆవిడకి సాయంగా మా ఆడపడుచు వచ్చి ఉంది. నెలాఖరుకి ఆమె వెళ్ళిపోతే పాపకి చోటు దొరుకుతుంది. అడగని కోరికకి మనమే ముందుకొచ్చి సరే అనొచ్చు. కాదు అనడం కష్టం. "ఇప్పుడు కాదు, ఒకటో తారీఖు నుంచైతే సరే" అని బేరమాడటం ఇంకా కష్టం. బేరానికి ముందు వస్తువు బల్ల మీద ఉండాలిగా!

అందుకని ఆ మూడో ఫోన్‌లోనే నేను అడిగేశాను. "నువ్వు అడగలేదు, నేనే అడుగుతున్నాననుకో. ఈ నెలాఖరు దాకా గది ఖాళీ లేదు. ఒకటో తారీఖున పాపని మా ఇంటికి పంపుతావా?"

కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "అదేనక్కా, శనివారంలోగా హాస్టల్‌కి అడ్వాన్సు కట్టాలి. ఒక నెలకి కట్టాలో రెండు నెలలకి కట్టాలో తెలీక..." అంది. అది గురువారం రాత్రి! ఒక నెలకే కట్టమన్నాను. రెండు నిమిషాల్లో తేలిపోయింది.

పాప వచ్చాక ఓ రోజు చపాతీలు వత్తుతూ చెప్పింది, "రెండో ఫోన్ తర్వాత అమ్మ నాన్నతో, అక్కకి ఇష్టం లేనట్టుంది అంది పెద్దమ్మా" అని. చూడండి, ఎవరూ అడగలేదు, ఎవరూ కాదనలేదు, మనసు మాత్రం అప్పటికే కష్టపడింది. ఇంకో వారం ఆగితే అది మా రెండిళ్ళ మధ్యా స్థిరపడిపోయేది.

అలాగని ఈ పద్ధతి నాకు చెడ్డదనిపించదు. ఎదుటివాళ్ళు తప్పుకోవడానికి దారి వదలడం అందులోని మంచితనం. మా అమ్మ పక్కింటికి కాఫీపొడికి వెళ్ళినా పావుగంట మాట్లాడాకే గిన్నె బయటికి తీసేది. అరుగు మీద ఎదురుగా కూర్చున్నప్పుడు అది చెల్లుతుంది. కొంగు చాటున గిన్నె అవతలివాళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి. ఫోన్‌లో గిన్నె కనపడదు.

ఆఫీసుల్లో మరీను. మావారి కింద పనిచేసే కుర్రాడు ఓ గురువారం పొద్దున్నే వాట్సాప్‌లో "గుడ్ మార్నింగ్ సర్" అని పెట్టి ఊరుకున్నాడు. ఈయన మీటింగుల్లో ఉండి మధ్యాహ్నం తిరిగి "గుడ్ మార్నింగ్" పెట్టారు. "బిజీనా సర్?" అన్నాడు. "చెప్పు" అన్నారు. "ఏం లేదు సర్, తర్వాత మాట్లాడతాను." శుక్రవారం సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే వచ్చి, సోమవారం వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ అని చెప్పాడు. పై వారం డ్యూటీలు వేసింది ఆ మధ్యాహ్నమే. సెలవు ఇచ్చారు, ఇంకొకరి ఆదివారం పోయింది.

అప్పట్నుంచి ఈయన తన టీమ్‌లో అందరికీ చెప్పారు, మొదటి మెసేజ్‌లోనే విషయం రాసేయండి అని. మర్నాడే ఒకమ్మాయి పెట్టింది: "గుడ్ మార్నింగ్ సర్. మీరన్నట్టే విషయం ముందే రాస్తున్నాను. మీకు వీలైనప్పుడు ఒక చిన్న విషయం మాట్లాడాలి."