హాస్టల్ వరండాలో నాలుగో తలుపు

మా కొంటా వైపు చాలా హాస్టళ్లది ఒకటే తీరు. పొడవాటి వరండా, గోడ వెంట వరుసగా తలుపులు. అలాంటిదొకటి రెండర్‌లో చూస్తే నాలుగో తలుపు దగ్గరే కన్ను ఆగిపోతుంది. తప్పెక్కడుందో వెంటనే తెలియదు కానీ వరండా సాగదీసినట్టు ఉంటుంది.

కారణం ఎక్కువగా ఒకటే. కొలతలతో కట్టిన 3డి మోడల్‌లో ఈ తేడా రాదు. వరండాను పొడిగించడానికి బొమ్మ మీదే తలుపును కాపీ చేసి, ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ అతికించినప్పుడు వస్తుంది.

తలుపులు 3 మీటర్లకొకటి, మొదటిది కెమెరాకు 3 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. బొమ్మలో గీతలన్నీ కలిసే బిందువు నుంచి మొదటి తలుపు అంచు 12 సెంటీమీటర్లుంటే, రెండోది 6, మూడోది 4, నాలుగోది 3 దగ్గర రావాలి. దూరం రెట్టింపైతే సగం, మూడింతలైతే మూడోవంతు. సగం సగం చేస్తూ పోతే మూడోది 3కి, నాలుగోది ఒకటిన్నరకి పడుతుంది. అంటే నాలుగో తలుపు 12 మీటర్ల దగ్గర కాకుండా 24 మీటర్ల దూరాన ఉన్నట్టు!

స్కేలు లేకపోయినా పట్టుకోవచ్చు. మొదటి తలుపు అంచు అడుగు నుంచి రెండో తలుపు అదే అంచు నడిమధ్య మీదుగా గీత లాగండి. అది తలుపుల పైగీతను తాకేచోటే మూడో తలుపు అంచు ఉండాలి.

ఎత్తుకూ ఒక పరీక్ష ఉంది. కెమెరా 1.5 మీటర్ల ఎత్తులో, తలుపు 2.1 మీటర్లుంటే, కంటి గీత ప్రతి తలుపునూ అడుగు నుంచి ఏడింట ఐదు వంతుల ఎత్తులోనే కోయాలి, చివరి తలుపుతో సహా.