వారం నాటి పప్పు

మా టీమ్‌లో ఓ అమ్మాయి ఉంది. డాలస్ వచ్చి ఆరు నెలలైంది, వంట ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. ఆదివారం కుక్కర్ నిండా టమాటా పప్పు వండేసి వారమంతా లాగించడం తన పద్ధతి. మొన్న వేసవిలో ఓ ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫ్రిజ్‌లో డబ్బా తీస్తే, అడుగున ఇంకా రెండు గరిటెల పప్పు మిగిలుందట. రాజమండ్రిలో అప్పుడు సోమవారం పొద్దున్న ఆరున్నర. వెంటనే ఇంటికి ఫోన్ కొట్టింది.

"అమ్మా, పోయిన ఆదివారం వండిన పప్పు తినొచ్చా?"

"వారమా! మనింట్లో పొద్దుటి పప్పు రాత్రి దాకా మిగిలితేనే గొప్ప. పులిసిన వాసనొస్తోందా? బుడగలేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవు, బానే ఉంది. బాగా మరిగించి తింటాలే."

"వద్దు తల్లీ, పారెయ్. ఒక్కదానివే ఉన్నావు, కడుపులో తేడా చేస్తే ఎవరు చూస్తారు?"

ఆవిడ చెప్పిందే రైటు. వాసన బావున్నంత మాత్రాన పప్పు బావున్నట్టు కాదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కలో వండిన కూరలకి ఫ్రిజ్‌లో ఆయుష్షు 3-4 రోజులే. మరిగిస్తే సరిపోదా అంటారా? కుక్కర్‌ని రాత్రంతా స్టవ్ మీదే వదిలేస్తే అన్నం, పప్పుల్లో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరగొచ్చు. అది వదిలే ఒక రకం విషం మరిగించినా పోదు.

ఇప్పుడా అమ్మాయి వండిన రెండు గంటల్లోపే పప్పుని చిన్న డబ్బాల్లోకి సర్దేస్తోంది. బుధవారం దాకా సరిపడేది ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో, మూత మీద తేదీ. పోపు మాత్రం తినే రోజే పెట్టుకుంటుందట. మీరూ అలా చేసి చూడండి, గురువారం పప్పు కూడా ఆదివారం పప్పులాగే ఉంటుంది.